చేయి వణికింది సరే, పందెం ఏమంటోంది?

2003 మే నెలలో లాస్ వెగాస్‌లోని బినియన్స్ హార్స్‌షూ కేసినోలో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ ముగింపుకొచ్చింది. 839 మందితో మొదలైన ఆటలో చివరికి ఇద్దరే మిగిలారు. ఒకరు శామీ ఫర్హా. పెద్ద పెద్ద పందేల మధ్య ఏళ్ల తరబడి నలిగిన మనిషి. రెండో ఆయన క్రిస్ మనీమేకర్, టెనెసీ రాష్ట్రానికి చెందిన 27 ఏళ్ల అకౌంటెంట్. ఇంటర్నెట్‌లో 86 డాలర్ల చిన్న పోటీతో మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చాడు. ఆ రోజు వీళ్లిద్దరి మధ్య సాగిన ఒక్క ఆటను పోకర్ ఆడేవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉంటారు. ఎదుటివాణ్ణి చదవడం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది.

ముందు ఆట సంగతి రెండు మాటల్లో. టెక్సస్ హోల్డెమ్ అనే ఈ పోకర్‌లో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. తర్వాత అందరికీ ఉమ్మడిగా బల్ల మీద ఐదు ముక్కలు తెరుస్తారు. మొదట మూడు కలిపి (దాన్ని ఫ్లాప్ అంటారు), తర్వాత ఒకటి (టర్న్), చివర ఇంకొకటి (రివర్). ముక్కలు పంచగానే ఒకసారి, ఈ మూడు దశల్లో మూడుసార్లు, మొత్తం నాలుగుసార్లు పందెం కాసే అవకాశం ఉంటుంది. చివర్లో ఎవరి చేతిలో మంచి ఐదు ముక్కలు కుదిరితే డబ్బు వాళ్లది. లేదా మిగతావాళ్లందరూ భయపడి ముక్కలు పడేస్తే, చేతిలో ఏమీ లేకపోయినా మిగిలిన ఒక్కడిది. చేతిలో ఏమీ లేకుండా పందెం పెంచడాన్ని బ్లఫ్ అంటారు.

మనీమేకర్ దగ్గర ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు ఉన్నాయి. ఫర్హా దగ్గర ఇస్పేటు రాణి, ఆఠీను తొమ్మిది. బల్ల మీద మొదట ఇస్పేటు తొమ్మిది, డైమను రెండు, ఇస్పేటు ఆరు పడ్డాయి. అంటే ఫర్హాకు తొమ్మిదుల జత కుదిరింది. ఇద్దరూ పందెం కాయకుండా వదిలేశారు. నాలుగో ముక్కగా ఇస్పేటు ఎనిమిది వచ్చింది. ఫర్హా 3 లక్షల చిప్స్ కాశాడు. మనీమేకర్ దాన్ని 8 లక్షలకు పెంచాడు. ఇంకో ఇస్పేటు పడితే మనీమేకర్‌కు ఫ్లష్ (ఒకే రంగు ఐదు ముక్కలు) కుదురుతుంది, ఐదో పదో పడితే వరస కుదురుతుంది. ఫర్హా పెంచినంతా కట్టాడు. ఐదో ముక్కగా ఆఠీను మూడు వచ్చింది. మనీమేకర్‌కు ఏదీ కుదరలేదు, చేతిలో ఒక జత కూడా లేదు. ఫర్హా పందెం కాయకుండా అతనికి వదిలాడు. మనీమేకర్ తన చిప్స్ మొత్తం ముందుకు నెట్టాడు.

ఫర్హా చాలాసేపు ఆలోచించాడు. ఫ్లష్ కుదరలేదు కదా అన్నట్టు పైకే అడిగాడు కూడా. మనీమేకర్ టోపీ పెట్టుకుని, నల్ల కళ్లద్దాల వెనక కదలకుండా కూర్చున్నాడు. ఫర్హా ముక్కలు పడేశాడు. అతని అనుమానం నూటికి నూరు పాళ్లూ నిజం. అయినా గెలిచే చేతిని వదిలేశాడు. కొంతసేపటికి పోటీ కూడా మనీమేకరే గెలిచాడు. 25 లక్షల డాలర్లు అతనివయ్యాయి.

ఈ కథను మనీమేకర్ గుండె నిబ్బరానికి నిదర్శనంగా చెబుతుంటారు. నా ఉద్దేశంలో అసలు విషయం అది కాదు. ఆ బ్లఫ్ నిలబడింది పందేల వరస వల్ల. మూడో ఇస్పేటు పడగానే పందెం పెంచాడు, చివర్లో అంతా పెట్టాడు. ఫ్లష్ నిజంగా కుదిరినవాడు కూడా అచ్చంగా అలాగే ఆడతాడు. కథలో అతుకుబొతుకులు లేవు. ముఖం వైపు చూస్తే ఫర్హాకు దొరికింది అనుమానం ఒక్కటే. అన్ని లక్షల చిప్స్ పణంగా పెట్టి కట్టడానికి అది చాలలేదు.

పోకర్ అనగానే మనకు సినిమాలే గుర్తొస్తాయి. విలన్ కన్ను కొడతాడు, హీరో పసిగడతాడు. 2006లో వచ్చిన 'కేసినో రాయల్' సినిమాలో జేమ్స్ బాండ్ కూడా ల షీఫ్ర్ తన కంటి దగ్గర చెయ్యి పెట్టుకోవడం చూసి, వాడు బ్లఫ్ చేసినప్పుడల్లా ఇలా చేస్తాడని తేల్చేస్తాడు. తర్వాత ల షీఫ్ర్ అదే చేష్టను కావాలని చేసి బాండ్ డబ్బంతా ఊడ్చేస్తాడు. అంత పెద్ద వాణిజ్య సినిమాలో ఇంత సరైన సంగతి రావడం అరుదు. శరీరం ఇచ్చే సూచనను పోకర్ వాళ్లు టెల్ అంటారు. అది తనకు ఉందని తెలిసిన క్షణం నుంచి మనిషి దాన్ని ఎరగా వాడుకోగలడు.

టెల్స్ మీద మొదట పేరు తెచ్చుకున్న పుస్తకం మైక్ కేరో రాసినది, 1984లో వచ్చింది. బొమ్మలతో సహా ఒక్కో చేష్టనూ వివరించాడాయన. ఆయన సూత్రం సులువు: ముక్కలు బాగున్నవాడు నీరసంగా నటిస్తాడు, బాగాలేనివాడు ధీమాగా నటిస్తాడు. కొత్తవాళ్ల విషయంలో ఇందులో నిజం చాలా ఉంది. కాని వణికే చేతుల సంగతి చూడండి. చూసేవాళ్లలో చాలామంది 'భయపడుతున్నాడు, అబద్ధం ఆడుతున్నాడు' అనుకుంటారు. కేరో దీనికి ఉల్టా చెప్పాడు. ఉన్నట్టుండి చెయ్యి వణికితే అది చాలావరకు గొప్ప ముక్కలు వచ్చినవాడి ఉద్వేగం అన్నాడు. పెద్ద పందెం గెలవబోతున్నాననే ఊపు ఒంట్లోకి పొంగుకొస్తుంది, వేళ్లు మాట వినవు. నేను చూసిన బల్లల మీద కూడా ఎక్కువసార్లు ఇదే నిజమైంది. అయినా ఆ వణుకుకు కారణం మూడో కాఫీ కావచ్చు, ఏసీ చలి కావచ్చు, వయసు కావచ్చు, పెద్ద డబ్బు ఎప్పుడూ కాయని మనిషి మొదటిసారి కాయడం కావచ్చు. ఒకే వణుకును ఇద్దరు రెండు రకాలుగా చదువుతారు, రెండు చదువులకూ సాక్ష్యం దొరుకుతుంది. అలాంటి సూచనను నమ్ముకుని డబ్బు పెట్టడం ఎంతవరకు సబబు?

అబద్ధాన్ని పట్టుకోవడంలో మనిషి ఎంత బలహీనుడో పోకర్‌కు సంబంధం లేని పరిశోధకులు కూడా తేల్చారు. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో 2006లో అంతకుముందు జరిగిన పరిశోధనలను పోగుచేసి లెక్కగట్టారు. ఎదుటివాడు చెప్పేది నిజమో అబద్ధమో చూసి చెప్పమంటే జనం సగటున 54 శాతం సార్లు సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేస్తే 50. మిగిలిన నాలుగు శాతం కోసమే మనం అంత ధీమాగా ఉంటున్నాం.

పోకర్ బల్ల మీదే చేసిన పరిశీలన కూడా ఒకటుంది. మైఖేల్ స్లెపియన్ బృందం 2013లో ప్రచురించింది. వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ వీడియోల నుంచి ఆటగాళ్లు పందెం కాసే ముక్కలను కత్తిరించి, పోకర్‌తో పెద్దగా పరిచయం లేని విద్యార్థులకు చూపించారు. కొందరికి ముఖం మాత్రమే, కొందరికి చిప్స్ నెట్టే చేతులు మాత్రమే. ముక్కలు ఎంత మంచివో ఊహించమన్నారు. చేతులు చూసినవాళ్లు గుడ్డి ఊహ కంటే మెరుగ్గా చెప్పగలిగారు. ముఖం చూసినవాళ్లు గుడ్డి ఊహ కంటే కూడా తప్పారు. అనుభవం ఉన్న ఆటగాడి ముఖం తప్పుదారి పట్టించడానికే తయారై ఉంటుందన్నమాట. చేతులు చూస్తే చాలు గెలిచేస్తామని దీని అర్థం కాదు. అది చిన్న పరిశీలన, తేడా కూడా స్వల్పమే. కాని అందరూ గుచ్చి గుచ్చి చూసే ముఖమే అన్నిటికంటే పనికిరానిదని తేలడం ఆలోచించాల్సిన విషయం.

ఇక పందెం సంగతికి వద్దాం. ఊళ్లో స్థలం బేరంలో కొనేవాడు ఎంత ఉత్సాహంగా మాట్లాడినా మనం చూసేది బయానా ఎంత ఇచ్చాడన్నదే. ముఖకవళికకు ఖర్చు లేదు. పందానికి డబ్బు ఖర్చవుతుంది. అందుకే మనిషి తన అలవాటును ముఖంలో కంటే పందెంలోనే ఎక్కువగా బయటపెడతాడు, అదీ తనకు తెలియకుండా. ముఖం గురించి అందరికీ తెలుసు కాబట్టి దాన్ని దాచుకుంటారు. పందెం సైజును దాచుకోవాలని మామూలు ఆటగాళ్లకు తట్టదు.

పందెం తీరుకు ఇంకో మేలు కూడా ఉంది. అది నాలుగు దశల్లో విస్తరించిన కథ. మొదటి పందెం ఒకటి చెబితే, రెండోది దానికి సరిపడాలి, మూడోది రెండిటికీ సరిపడాలి. ఎక్కడైనా పొసగకపోతే కనబడిపోతుంది. పైగా దాన్ని సరిచూసుకోవచ్చు. చివర్లో ముక్కలు తెరిచినప్పుడు వెనక్కి వెళ్లి, అప్పుడు ఎంత కాశాడు, ఇప్పుడు ఎంత కాశాడు, చేతిలో ఏముంది అని జోడించుకోవచ్చు. ముఖాన్ని అలా తిరగేసి చూసుకోవడం కుదరదు, అప్పటికి అది మారిపోయి ఉంటుంది.

ముఖాలే లేని చోట కూడా పోకర్ ఆడి గెలవవచ్చని నార్వే అమ్మాయి అన్నెట్ ఓబ్రెస్టాడ్ చూపించింది. 2007లో లండన్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ యూరప్ ప్రధాన పోటీని 18 ఏళ్లకే గెలిచిందామె. ఇంటర్నెట్‌లో 180 మంది ఆడిన ఒక చిన్న పోటీని తన ముక్కలు చూసుకోకుండానే, ఒక్కసారి తప్ప, ఆడి గెలిచింది. ఎదుటివాళ్ల ముఖాలు కనబడవు, తన ముక్కలు తనకు తెలియవు. ఎవరు ఏ స్థానంలో కూర్చుని ఎప్పుడు ఎంత కాస్తున్నారన్నదే ఆమెకు మిగిలిన ఆధారం.

ఒక ఆట ఊహించుకుని అడుగడుగునా చూద్దాం. బల్ల మీద తప్పనిసరి పందాలు 100, 200 రూపాయలు. మీ ఎదురుగా తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకరున్నారు. రెండు గంటలుగా చూస్తున్నారు. ఆయన ఎక్కువగా అవతలివాళ్ల పందేలను కడతారే తప్ప తానుగా పెంచరు. రెండుసార్లు రంగు కోసం ఎదురుచూసి, రాకపోయేసరికి చివర్లో పందెం కాయకుండా ముక్కలు తెరిచేశారు. ఒకసారి మాత్రం చివరి దశలో పెంచారు, అప్పుడు చేతిలో మూడు జాకీలున్నాయి.

ఇప్పుడు మీకు ఇస్పేటు ఆసు, డైమను రాజు వచ్చాయి. 800 కాశారు. 200 తప్పనిసరి పందెం ముందే పెట్టిన పెద్దాయన మిగతా 600 కట్టారు, మిగతావాళ్లు పడేశారు. పాట్‌లో 1,700. బల్ల మీద ఆఠీను రాజు, కళావరు ఎనిమిది, కళావరు ఐదు. మీకు రాజుల జత. మీరు 1,000 కాశారు, ఆయన కట్టారు. నాలుగో ముక్క ఇస్పేటు జాకీ. మీరు 2,200 కాశారు, ఆయన మళ్లీ కట్టారు. పాట్ 8,100కి చేరింది. ఐదో ముక్క డైమను ఐదు. ఆయన పందెం కాయకుండా మీకు వదిలారు. మీరు 3,500 కాశారు. అప్పుడాయన 12,000కి పెంచారు.

చెయ్యి వణుకుతోంది. గుటక వేశారు. మీ కళ్లలోకి చూడటం లేదు, బల్ల మీది ముక్కల వైపే చూస్తున్నారు. సినిమా అలవాటున్న మనసు 'బ్లఫ్' అని అరుస్తుంది. బ్లఫ్ అనుకోవడానికి ఆధారం లేకా పోలేదు. కళావర్ల కోసం ఎదురుచూసినవాడికి అవి రాలేదు, అలాంటి ముక్కల జతలు లెక్కకు తక్కువేమీ కావు.

అయితే ముందు డబ్బు లెక్క చూడాలి. ఆయన పెంచిన తర్వాత పాట్‌లో 23,600 ఉంది. మీరు కట్టాల్సింది ఇంకో 8,500. కట్టాక మొత్తం 32,100 అవుతుంది. మీరు పెట్టేది అందులో పావు కంటే కొంచెం ఎక్కువ, 26 శాతం దాటింది. అంటే ఇలాంటి రైజులు వందసార్లు ఎదురైతే కనీసం 27 సార్లైనా ఆయన దగ్గర మీకంటే తక్కువ ముక్కలు ఉంటేనే కట్టడం గిట్టుబాటు. ఆయన నిజంగానే చేతిలో ఉన్నవి చూసి పెంచితే ఏముండొచ్చు? రాజు-జాకీ, రాజు-ఎనిమిది, ఎనిమిదుల జత, ఐదు ఉన్న ఏ ముక్కలైనా మిమ్మల్ని ఓడిస్తాయి. వీటిలో దేన్ని పట్టుకున్నా ఆయన ఇప్పటిదాకా ఆడినట్టే ఆడేవారు: మొదట కడుతూ రావడం, జోరు కుదిరాక చివర్లో పెంచడం. బ్లఫ్ అయితే మాత్రం రెండు గంటల్లో ఎప్పుడూ చేయని పని ఇప్పుడు కొత్తగా చేస్తున్నారని నమ్మాలి. రంగు రాకపోతే ముక్కలు తెరిచేసే మనిషి ఈసారి 12,000 కాశారని నమ్మాలి.

ఇలాంటి మనిషి ఇలాంటి చోట పెంచిన వంద రైజుల్లో పది బ్లఫ్‌లు అనుకుందాం. ఉదారంగానే ఇస్తున్నాం. ఇప్పుడు ఆ వణుకును కూడా లెక్కలో కలుపుదాం. వణుకు నిజంగానే బ్లఫ్‌కు గుర్తు అని, బ్లఫ్ చేసినప్పుడు పదిలో ఆరుసార్లు, నిజంగా ముక్కలున్నప్పుడు పదిలో నాలుగుసార్లు చెయ్యి వణుకుతుందని అనుకుందాం. పది బ్లఫ్‌లలో ఆరుసార్లు వణికింది. తొంభై నిజమైన రైజుల్లో ముప్పైఆరుసార్లు వణికింది. అంటే మీరు వణుకు చూసేది మొత్తం నలభైరెండుసార్లు, అందులో బ్లఫ్‌లు ఆరే. ఏడింటిలో ఒకటి, 14 శాతం. మీకు కావాల్సింది 27. ముక్కలు పడేయాల్సిందే.

ఇదే రైజు దూకుడుగా ఆడే కుర్రాడు చేశాడనుకోండి. ఇంతకుముందు ఇలాంటి చోట రెండుసార్లు ఒట్టి చేతులతో పెంచి పట్టుబడ్డాడు. అతని వంద రైజుల్లో ముప్పై బ్లఫ్‌లు అనుకుంటే, వణుకు చూడకముందే కట్టడం గిట్టుబాటు. వణుకు చూశాక అది 39 శాతానికి పెరుగుతుంది, కాని నిర్ణయం మారదు. వందలో ఇరవై బ్లఫ్‌లు చేసే మనిషైతేనే ఆ వణుకు అటో ఇటో తేలుస్తుంది, 20 శాతాన్ని 27కి లాగుతుంది. పందెం తీరు ముందుగా ఏం చెప్పిందన్నదాని మీదే టెల్ విలువ ఆధారపడి ఉంటుంది. త్రాసు ఇటో అటో తేలకుండా ఉన్నప్పుడే దానికి పని. నేను వాదించేదీ ఇంతే. టెల్స్ అన్నీ అబద్ధాలని కాదు, అవి పందెం కంటే ముందు మాట్లాడకూడదు. చాలామంది ఓడేది సూచన దొరక్క కాదు, ముందు ముఖం చూసి నిర్ణయానికొచ్చి, తర్వాత పందెంలో దానికి సాక్ష్యం వెతుక్కోవడం వల్ల.

పందెం తీరును నమ్మాలంటే దాన్ని సరిగ్గా చదవాలి. మొదటి నియమం, సైజును రూపాయల్లో కాకుండా పాట్‌తో పోల్చి చూడాలి. 2,000 రూపాయల పాట్‌లో 1,500 పెద్ద పందెం, 10,000 పాట్‌లో అదే 1,500 భయపడుతూ కాసిన పందెం. రెండోది, ప్రతి మనిషిని అతనితోనే పోల్చాలి. ఒకాయన మంచి ముక్కలొస్తే పాట్ అంతా కాస్తాడు, ఎవరూ పారిపోకూడదని ఇంకొకాయన అదే ముక్కలకు చిన్నగా కాస్తాడు. ఎవరు ఏ రకమో ముక్కలు తెరిచాకే తెలుస్తుంది. అందుకే మీరు ముక్కలు పడేసిన ఆటలే మీకు పాఠాలు. లైవ్ బల్ల మీద గంటకు పాతిక, ముప్పై ఆటలు పడతాయి. మంచి ఆటగాడు అందులో చాలావాటిని మొదట్లోనే వదిలేస్తాడు. మిగిలిన సమయమంతా ఫోన్ చూస్తూ గడిపితే ఎవరి అలవాటూ పట్టుబడదు. ఆఖరున ముక్కలు తెరుచుకున్న ప్రతి ఆటనూ వెనక నుంచి ముందుకు ఒకసారి మనసులో నడిపించుకోవాలి: చివర్లో ఎంత కాశాడు, నాలుగో ముక్కప్పుడు కట్టాడా పెంచాడా, మొదట్లో ఎక్కడ నుంచి వచ్చాడు.

పెద్దగా వెంటపడకుండా తెలిసే సంగతి ఒకటుంది. చిన్న మొత్తాల లైవ్ ఆటల్లో, ఎక్కువగా కట్టుకుంటూ వచ్చే మనిషి చివరి దశలో పెద్ద మొత్తానికి పెంచితే, దాదాపు ఎప్పుడూ చేతిలో ముక్కలుంటాయి. ఆటగాళ్లు మీకు నచ్చినా నచ్చకపోయినా ఈ ఒక్కటీ నమ్మి ముక్కలు పడేయడం నేర్చుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. దీనికి కారణం ధైర్యం. ఏమీ లేకుండా పెద్ద మొత్తం పెట్టడానికి మామూలు మనిషికి చెయ్యి రాదు.

పందెం తీరు కూడా మోసం చేస్తుంది, ముఖ్యంగా మూడు చోట్ల. రెండే రెండు ఆటలు చూసి 'వీడు ఇలాగే ఆడతాడు' అని రాసేసుకున్నప్పుడు. రెండుసార్లు జరిగినది అలవాటు కాదు. ఓడిపోయిన కోపంలో ఉన్న మనిషి విషయంలోనూ అంతే. అరగంట క్రితం వరకు నెమ్మదిగా ఆడినాయన పెద్ద పాట్ పోగొట్టుకున్నాక, లేదా రెండు పెగ్గులు పడ్డాక, పూర్తిగా వేరే మనిషి. పాత లెక్క పనికిరాదు, కొత్తది మొదలుపెట్టాలి. మూడోది నిజంగా తెలిసిన ఆటగాళ్లు. వాళ్లు మంచి ముక్కలకూ బ్లఫ్‌కూ ఒకే సైజు కాయడం కావాలని నేర్చుకుంటారు. వాళ్ల సైజులో రహస్యం దొరకదు. అలాంటివాళ్ల ఎదుట కథ పొసిగిందా లేదా అన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది, ఒక్కోసారి దానికీ జవాబు దొరకదు. 2003లో ఫర్హాకు దొరకనట్టే.

మరి శరీరంలో చూడదగ్గవేమీ లేవా? ఉన్నాయి, కాని ఎక్కువమంది చూడని చోట. పందెం కాసిన మనిషికి అందరూ తనను చూస్తున్నారని తెలుసు, అందుకే నటిస్తాడు. తన వంతు ఇంకా రాని మనిషికి ఆ స్పృహ ఉండదు. మీ ఎడమవైపు కూర్చున్నాయన మీరు ఇంకా ఏమీ చేయకముందే ముక్కలను వేళ్ల మధ్య పెట్టుకుని విసిరేయడానికి సిద్ధంగా ఉంటే, ఆయన ఈ ఆటలో ఉండరు. మీరు ధైర్యంగా కాయవచ్చు. అదే ఆయన చిప్స్ గుత్తి ముందే తీసి పట్టుకుని కూర్చుంటే కాస్త ఆలోచించాలి. ఫ్లాప్ తెరుచుకున్న క్షణంలో ముక్కలు కాకుండా మనుషులను చూడటం మంచిది. ఎవరి కన్ను చటుక్కున తన చిప్స్ మీదకు వెళ్లిందో, వాళ్లకు ఆ ముక్కలు నచ్చాయని కేరో ఏనాడో రాశాడు. అయితే అలవాటుపడ్డవాళ్లు దాన్నీ నటిస్తారు.

ఎంతసేపు ఆలోచించాడన్నది శరీరానికీ పందానికీ మధ్యలో ఉండే సూచన. మీరు కాసీ కాయగానే ఒకతను కట్టేశాడంటే, పెంచాలా అని ఆలోచించనే లేదన్నమాట. బాగా గట్టి ముక్కలున్నవాడు కనీసం ఒక్క క్షణం ఆ ఆలోచన చేస్తాడు. కాబట్టి వెంటనే కట్టినవాడి దగ్గర ఎక్కువగా మధ్యరకం జతో, రంగు కోసమో వరస కోసమో ఎదురుచూసే ముక్కలో ఉంటాయి. దీన్ని ముఖం కంటే ఎక్కువ నమ్మవచ్చు, పందెం సైజు కంటే తక్కువ.

మనవాళ్లకు ఇంకో మాట చెప్పాలి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా ఆ తలుపు మూసింది. పోకర్ కోసం గోవా వెళ్లి మాండవి నదిలోని కేసినో నౌకల్లో కూర్చునే తెలుగువాళ్లున్నారు. అక్కడ ప్రతి పాట్ నుంచీ కేసినో తన వాటా తీసుకుంటుంది. ఆ వాటా పోను మిగిలే లాభం సన్నది. ఎదుటివాళ్ల కంటే కాస్త మెరుగ్గా ఆడినా సరిపోదు, బాగా మెరుగ్గా ఆడితేనే మిగులుతుంది. కాబట్టి ఎదుటివాణ్ణి చదివే విద్యను డబ్బు పెట్టి నేర్చుకోవాల్సిన పని లేదు.

డబ్బు లేకుండానే నేర్చుకునే దారి ఉంది. ఏదైనా పాత వరల్డ్ సిరీస్ పోటీ వీడియో పెట్టుకోండి. తెర మీద ఆటగాళ్ల ముక్కలు చూపించే భాగాన్ని ఒక కాగితంతో మూసేయండి. కొన్ని ఆటలకు పందేలు మాత్రం రాసుకుంటూ, చివరి ముక్క పడ్డాక ఎవరి దగ్గర ఏముందో మీ ఊహ రాయండి, తర్వాత కాగితం తీసి చూడండి. ఇంకొన్ని ఆటలకు పందేలు పట్టించుకోకుండా ముఖాలు మాత్రమే చూసి అదే పని చేయండి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని ఏది ఎక్కువసార్లు సరిపోయిందో మీరే లెక్కపెట్టుకోండి.